ఇసుక గొట్టంలో నీటి లెక్క

1855 అక్టోబరు 29, 30 తేదీల్లోనూ, మళ్లీ నవంబరు 2న, ఫ్రాన్స్‌లోని డిజోన్ పట్టణంలో ఆసుపత్రి ఆవరణలో ఒక పోత ఇనుప గొట్టం నిలబెట్టి, దాని నిండా ఇసుక పోసి, నీళ్లు వదిలి కొలిచారు. గొట్టం లోపలి వ్యాసం 35 సెంటీమీటర్లు. అడుగున ఒక జల్లెడ, దానిమీద సోన్ నది ఇసుక. పైనుంచి వచ్చే నీరు ఆసుపత్రి కుళాయిల గొట్టం నుంచే తీసుకున్నారు. ఇసుకకు పైన ఒక పాదరసపు మానోమీటరు, కింద ఒకటి. ఆసుపత్రిలో ఎవరో ఒకరు కుళాయి తిప్పినప్పుడల్లా పాదరసం ఊగేది, అందుకని సగటు చూసి రాసుకోవలసి వచ్చేది. ఈ పని చేయించిన ఇంజనీరు ఆన్రీ డార్సీ. పక్కన ఉండి కొలతలు తీసినవాడు షార్ల్ రిటెర్.

డార్సీది డిజోనే. ఆ ఊరికి మంచినీళ్లు తెచ్చింది కూడా ఆయనే. 12 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రోజ్వార్ ఊట నుంచి భూమిలోపలి కాలువ తవ్వించి 1840లో నీళ్లు ఊళ్లోకి రప్పించాడు. ఇసుక ప్రయోగాల నాటికి ఆరోగ్యం బాగాలేక ఉద్యోగ బాధ్యతలు తగ్గించుకుని సొంతూరు చేరి, డిజోన్ నీటి సరఫరా గురించి ఒక పెద్ద గ్రంథం రాస్తున్నాడు. నీటిని ఇసుకలోంచి వడగట్టే పట్టణాల వాళ్లకి ఒక ప్రశ్నకి జవాబు కావాలి: ఇంత విస్తీర్ణంలో, ఇంత మందాన ఇసుక పరిస్తే, ఎంత నీటి ఒత్తిడికి ఎన్ని నీళ్లు దిగుతాయి? దానికోసమే ఈ గొట్టం. ఫలితం 1856లో అచ్చయిన ఆ పుస్తకం చివర అనుబంధంగా వచ్చింది. ఈ రోజు బోరుబావుల లెక్కా, చమురు బావుల లెక్కా, రసాయన కర్మాగారాల్లో గుళికలు నింపిన గోపురాల లెక్కా ఆ అనుబంధం దగ్గరే మొదలవుతుంది.

మొదటి వరస ప్రయోగాల్లో గొట్టంలో ఇసుక మందం 58 సెంటీమీటర్లు. ఇసుక పైకీ కిందికీ మధ్య ఒత్తిడి తేడాని మీటర్ల నీటిమట్టంగా చెప్పుకుందాం. ఇంజనీర్లు దీన్నే ‘హెడ్’ అంటారు. 1.11 మీటర్ల హెడ్‌కి నిమిషానికి 3.60 లీటర్లు దిగాయి. 2.36 మీటర్లకి 7.65 లీటర్లు. 4 మీటర్లకి 12 లీటర్లు. చివరికి 10.89 మీటర్లకి 29.40 లీటర్లు. హెడ్ రెట్టింపు చేస్తే నీళ్లు దాదాపు రెట్టింపు, నాలుగింతలు చేస్తే దాదాపు నాలుగింతలు.

ఇది డార్సీ లాంటి మనిషికి ఎంత కొత్తగా తోచి ఉంటుందో ఊహించుకోవాలి. ఆయన జీవితమంతా నీటి గొట్టాలతో గడిపినవాడు. ఖాళీ గొట్టంలో వేగం రెట్టింపు చేయాలంటే ఒత్తిడి దాదాపు నాలుగింతలు పెట్టాలని ఆయనకి చేతివేళ్లమీద తెలుసు. గొట్టంలో నీరు సుళ్లు తిరుగుతూ పోతుంది, ఆ సుళ్లు తినేసే శక్తి వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. ఇసుక రేణువుల మధ్య సందులు మిల్లీమీటరులో చిన్న భాగమంత ఉంటాయి, నీరు వాటిలో చాలా నెమ్మదిగా కదులుతుంది. అక్కడ సుడి పుట్టే అవకాశమే లేదు. నీటి పొర మీద పొర జారేటప్పుడు కలిగే జిగట రాపిడి ఒక్కటే అడ్డు, ఆ రాపిడి వేగంతో సమానంగా పెరుగుతుంది. సన్నటి గాజు గొట్టాల్లో ఇదే తిన్నని లెక్కని 1840లలో పోయిజీ అనే ఫ్రెంచి వైద్యుడు కనుగొన్నాడు. ఇసుకంటే వంకర్లు తిరిగిన లక్షల సన్న గొట్టాల కట్ట అనుకుంటే చాలు.

డార్సీ సూత్రాన్ని ఇప్పటి పాఠ్యపుస్తకాల్లో ఇలా రాస్తారు:

Q = K A h / L

సెకనుకి దిగే నీరు Q, గొట్టం అడ్డుకోత వైశాల్యం A, ఇసుక మందం L, హెడ్ తేడా h. మిగిలిన K ఆ ఇసుక గుణం. మొదటి ప్రయోగానికే వేసి చూద్దాం. 35 సెంటీమీటర్ల వ్యాసం అంటే వైశాల్యం 0.0962 చదరపు మీటర్లు. నిమిషానికి 3.60 లీటర్లు అంటే సెకనుకి 0.06 లీటరు. దాన్ని వైశాల్యంతో భాగిస్తే సెకనుకి 0.62 మిల్లీమీటరు వేగం వస్తుంది. ఇసుక మందం 0.58, హెడ్ 1.11. కాబట్టి K సెకనుకి సుమారు 0.33 మిల్లీమీటరు. ఇసుక మందమెంతో హెడ్ కూడా అంతే ఉన్నప్పుడు నీరు ఆ వేగంతో దిగుతుందని దీని అర్థం. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే ఆ ఇసుకతో ఎంత పెద్ద తొట్టి కట్టినా ఎన్ని నీళ్లు వస్తాయో కాగితం మీద చెప్పేయొచ్చు.

అయితే డార్సీ పట్టిక చదివేవాళ్లు చాలామంది అక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం ఆ పట్టికలో అసలు విలువైనది తర్వాత వచ్చే వరస. ప్రతి ప్రయోగానికీ నీళ్లని హెడ్‌తో భాగించి చూడండి. 1.11 మీటర్ల దగ్గర మీటరుకి 3.24 లీటర్లు. 4 మీటర్ల దగ్గర 3.00. 10.89 మీటర్ల దగ్గర 2.70. సూత్రం అక్షరాలా నిజమైతే ఈ నిష్పత్తి కదలకూడదు. కదిలింది, అదీ ఒకే దిక్కుగా, 17 శాతం దాకా తగ్గింది. కుళాయిల వల్ల ఊగిన పాదరసం ఇలా చేయదు, అదైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది.

నిష్పత్తి ఇలా జారడానికి రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది వేగం. నీరు రేణువు చుట్టూ వంపు తిరిగేటప్పుడు దాని జడత్వం కొంత శక్తి తినడం మొదలుపెడుతుంది. ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి రేనాల్డ్స్ సంఖ్య ఉంది: వేగాన్ని రేణువు వ్యాసంతో హెచ్చించి, నీటి జిగటతనం అంకెతో భాగిస్తే వస్తుంది. అది ఒకటి లోపు ఉన్నంతవరకు డార్సీ సూత్రం మీద భరోసా పెట్టుకోవచ్చు. ఒకటికీ పదికీ మధ్య మెల్లగా పట్టు తప్పుతుంది. చల్లటి నీరు, ఒక మిల్లీమీటరు రేణువు అనుకుని లెక్కేస్తే డార్సీ మొదటి ప్రయోగంలో ఆ సంఖ్య అర, చివరిదాంట్లో దాదాపు నాలుగు. ఈ అదనపు నష్టానికి వేగం వర్గం ఉన్న ఒక పదాన్ని 1901లో ఫోర్క్‌హైమర్ చేర్చాడు. గుళికల గోపురాలకి పనికొచ్చేలా 1952లో సబ్రీ ఎర్గున్ దానికొక సూత్రం ఇచ్చాడు.

రెండో కారణం ఇసుకే మారిపోవడం. హెడ్ పెంచేకొద్దీ కిందికి తోసే బలం పెరిగి రేణువులు సర్దుకుంటాయి, సన్నపొడి కిందికి జారి ఇరుకు సందుల్లో ఇరుక్కుంటుంది. ఈ రెండింటిలో ఏది జరిగిందో తేల్చడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. ఎక్కువ హెడ్ దాకా వెళ్లాక మళ్లీ మొదటి తక్కువ హెడ్‌కి దించి కొలవాలి. నిష్పత్తి పాత విలువకి తిరిగొస్తే తగ్గుదలకి వేగమే కారణం. తిరిగి రాకపోతే ఇసుక మారింది. ప్రయోగశాలలో విద్యార్థులు హెడ్ పెంచుకుంటూ పోయి పైన ఆపేస్తారు. దిగుతూ కూడా కొలవాలన్నది ఎవరూ గట్టిగా చెప్పరు. ఆ అరగంట పని చేస్తేనే గీసిన గీతకి అర్థం ఉంటుంది.

ఇసుక సర్దుకుంటే ఇంత తేడా వస్తుందా అనిపించవచ్చు. వస్తుంది. నీటి దారి ఎంత సులువుగా ఉందన్నది రెండిటి మీద గట్టిగా ఆధారపడుతుంది. ఒకటి రేణువు పరిమాణం: వ్యాసం సగమైతే K నాలుగోవంతు అవుతుంది. రెండోది సందుల వాటా. డార్సీ తన ఇసుకలో సందులు నూటికి 38 వంతులని రాశాడు. అది 33కి తగ్గితే, కోజెనీ, కార్మన్ పేర్ల మీదుగా వాడే సూత్రం ప్రకారం, అదే రేణువులతో K దాదాపు సగానికి పడిపోతుంది. గొట్టాన్ని గట్టిగా తట్టినందుకే ఆ ఐదు వంతులు తగ్గగలవు. డార్సీ రెండో వరసే చూడండి. ఈసారి ఇసుక మందం 1.14 మీటర్లు, 4.70 మీటర్ల హెడ్‌కి నిమిషానికి 4.28 లీటర్లు. K లెక్కేస్తే సెకనుకి 0.18 మిల్లీమీటరు వస్తుంది. మొదటి వరసలో 0.33 ఉన్నదే ఇది. గొట్టం మళ్లీ నింపిన ప్రతిసారీ అది కొత్త ఇసుక కిందే లెక్క.

అందుకే ఇసుక గొట్టం నింపడంలోనే సగం పని ఉంది. పొడి ఇసుక పోసి పైనుంచి నీళ్లు పడితే సందుల్లో గాలి చిక్కుపడి పోతుంది. ప్రతి బుడగా ఒక దారి మూసినట్టే. కళ్లకి ఇసుక పూర్తిగా తడిసినట్టే ఉంటుంది, నీళ్లు మాత్రం తక్కువ దిగుతాయి. గొట్టంలో ముందు కొంచెం నీరు పోసి, ఇసుకని ఆ నీళ్లలోకి కొద్దికొద్దిగా జార్చాలి, నీటి మట్టం ఎప్పుడూ ఇసుకకి పైనే ఉండాలి. లేదా పొడి ఇసుక నింపి కిందినుంచి చాలా నెమ్మదిగా నీరు ఎక్కించాలి, అప్పుడు గాలి తన దారిన పైకి పోతుంది. మరిగించి చల్లార్చిన నీరైతే ఇంకా మంచిది. చల్లటి కుళాయి నీటిలో కరిగి ఉన్న గాలి వెచ్చటి గదిలో విడిపోయి, గంటల తరబడి ఇసుకలో బుడగలై కూర్చుంటుంది. హెడ్ మార్చకుండానే గంట గంటకీ నీళ్లు తగ్గుతున్నాయంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. హెడ్ కూడా ఇసుకలోనే, గొట్టం పక్కన పెట్టిన రెండు సన్న నాళాల మధ్య కొలవాలి. పై తొట్టికీ కింది కుళాయికీ మధ్య కొలిస్తే జల్లెడలోనూ రబ్బరు గొట్టాల్లోనూ పోయిన హెడ్ కూడా ఇసుక ఖాతాలో పడిపోతుంది.

ఇంకో సంగతి నీటి వేడి. K ఇసుక ఒక్కదాని గుణం కాదు, అందులో నీటి జిగటతనం కూడా కలిసి ఉంది. 10 డిగ్రీల నీటికంటే 30 డిగ్రీల నీరు అదే ఇసుకలో, అదే హెడ్‌కి ఒకటిన్నర రెట్లు దాటి దిగుతుంది. డిజోన్‌లో చలికాలం ముందు తీసిన K ని మన ఎండాకాలానికి అలాగే వాడితే పొరపాటే.

1856 ఫిబ్రవరిలో రిటెర్ ఒక్కడే ఇంకొన్ని ప్రయోగాలు చేశాడు. ఈసారి ఇసుక కింద ఒత్తిడిని మార్చాడు. కొన్నిసార్లు అది బయటి గాలి ఒత్తిడికంటే ఎక్కువ, కొన్నిసార్లు తక్కువ. నీటి లెక్క మాత్రం పైకీ కిందికీ ఉన్న తేడానే అనుసరించింది. దిగువన ఒత్తిడి గాలికంటే తక్కువైనా సూత్రానికి ఏ ఇబ్బందీ లేదు. మన ఊళ్ల నీటి శుద్ధి కేంద్రాల్లో రోజూ ఎదురయ్యే ఒక చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

మన పట్టణాల్లో వాడే ర్యాపిడ్ శాండ్ ఫిల్టరు ఒకటి తీసుకుందాం. ఇసుక మందం 70 సెంటీమీటర్లు, రేణువు 0.6 మిల్లీమీటరు, సందులు నూటికి 40. గంటకి 5 మీటర్ల వేగం, అంటే ప్రతి చదరపు మీటరు మీదా గంటకి 5,000 లీటర్లు దిగుతాయి. నీరు 30 డిగ్రీలు. కోజెనీ, కార్మన్ సూత్రంతో K సెకనుకి సుమారు 4.4 మిల్లీమీటర్లు. వేగం సెకనుకి 1.39 మిల్లీమీటర్లు. దాన్ని K తో భాగించి 70తో హెచ్చిస్తే హెడ్ నష్టం 22 సెంటీమీటర్లు. రేనాల్డ్స్ సంఖ్య సరిగ్గా ఒకటి దగ్గర ఉంది, కాబట్టి తిన్నని సూత్రం ఇంకా చెల్లుతుంది. అదే ఫిల్టరులో జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీల నీరు వస్తే నష్టం 28 సెంటీమీటర్లు. ఆ ఆరు సెంటీమీటర్లు మురికి వల్ల వచ్చినవి కావు.

శుభ్రమైన ఇసుకలో ఈ 22 సెంటీమీటర్లూ మందమంతటా సమానంగా పంచుకుని ఉంటాయి, ప్రతి పది సెంటీమీటర్లకీ మూడు చొప్పున. ఫిల్టరు నడిచేకొద్దీ బురద పై పొరలో చిక్కుకుంటుంది. అక్కడ సందులు తగ్గి, నష్టమంతా పై నాలుగు వేళ్ల మందంలోకి చేరుతుంది, కింది ఇసుక మొదటి రోజు లాగే ఉంటుంది. మొత్తం నష్టం 1.8 మీటర్లకో 2 మీటర్లకో చేరగానే బ్యాక్‌వాష్ చేయాలి. ఇంకొంచెం సేపు నడిపితే ఏమవుతుందో లెక్క చూడండి. ఇసుక మీద నీరు 1.5 మీటర్లు నిలిచి ఉంది. పది సెంటీమీటర్ల లోతున, ప్రవాహం లేకపోతే, ఒత్తిడి 1.6 మీటర్లు ఉండాలి. ఆ పది సెంటీమీటర్లలోనే 1.75 మీటర్లు నష్టమైతే, దాని కింద ఒత్తిడి బయటి గాలికంటే 15 సెంటీమీటర్లు తక్కువ. రిటెర్ చూపించినట్టు నీరు దిగుతూనే ఉంటుంది. కానీ నీటిలో కరిగిన గాలి అక్కడ నిలవలేక బుడగలుగా విడిపోతుంది. బుడగలు సందులు మూస్తాయి, నష్టం ఇంకా పెరుగుతుంది, దాంతో బుడగలు ఇంకా ఎక్కువవుతాయి. మామూలుగా మెల్లగా పెరిగే హెడ్ నష్టం ఉన్నట్టుండి ఎగబాకితే, బ్యాక్‌వాష్ మొదలవగానే ఇసుకలోంచి గాలి బుడబుడమని పైకి తన్నుకొస్తే, జరిగింది ఇదే.

బ్యాక్‌వాష్‌లో నీరు కిందినుంచి పైకి వెళుతుంది. సూత్రం అదే, దిక్కు మారింది. వేగం పెంచేకొద్దీ హెడ్ నష్టం తిన్నగా పెరుగుతుంది, కానీ ఒక చోట ఆగిపోతుంది. పైకి తోసే బలం నీటిలో మునిగిన ఇసుక బరువుకి సమానమైన క్షణాన రేణువులు తేలిపోతాయి, ఆ తర్వాత ఎంత నీరు పంపినా నష్టం పెరగదు. ఇసుక నీటికంటే 2.65 రెట్లు బరువు. మన ఫిల్టరులో గట్టి పదార్థం నూటికి 60. 0.60ని 1.65తో హెచ్చిస్తే 0.99. కాబట్టి 70 సెంటీమీటర్ల ఇసుకకి ఆ హద్దు 69 సెంటీమీటర్లు. ఇసుక తేలడం మొదలయ్యే వేగం సెకనుకి సుమారు 4.3 మిల్లీమీటర్లు, అంటే గంటకి 15 మీటర్ల పైచిలుకు. కడగడానికి దీనికి రెట్టింపు దాటి పంపుతారు, రేణువులు విడివిడిగా తిరిగి ఒకదాన్నొకటి రుద్దుకోవడానికి.

ఈ 69 అనే అంకెని ఫిల్టరు గోడమీద రాసిపెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇసుక తేలుతున్నప్పుడు పై నాళానికీ కింది నాళానికీ మధ్య తేడా ఇసుక బరువునే చూపిస్తుంది. అది ఒక త్రాసు. ఏడాది తర్వాత అక్కడ 63 వస్తే, కడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఆరు సెంటీమీటర్ల ఇసుక నీళ్లతో పాటు కాలవలోకి కొట్టుకుపోయినట్టు. ఫిల్టరు దించి కొలతబద్ద పెట్టకముందే ఆ సంగతి తెలుస్తుంది. 69 తగ్గకుండా ఉండి, కడిగి మళ్లీ నడిపినప్పుడు నష్టం 22 దగ్గర కాక 35 దగ్గర మొదలైతే, అప్పుడు ఇసుక పోలేదు, మురికి మిగిలిపోయింది. నీరు దించి పై పొరలో చెయ్యి పెట్టి తవ్వితే మట్టి ఉండలు తగులుతాయి.